ఇంకా ప్రింటుకు ఇవ్వద్దు

సురేశా,

సభలో పెట్టబోయే నీ పోస్టర్‌ని ఏ4 కాగితం మీద ప్రింట్ తీసి చూశాను. ఏ0ని ఏ4కి కుదిస్తే పొడవూ వెడల్పూ నాలుగో వంతు అవుతాయి కాబట్టి, చేతిలో పట్టుకుని చదవలేనిది రెండు మీటర్ల దూరం నుంచి అసలు పోస్టర్ మీదా చదవలేం. మెథడ్స్ బాక్సులో నువ్వు పెట్టిన 20 పాయింట్ల అక్షరం ఇక్కడ 5 పాయింట్లయింది. కళ్లద్దాలు తీసి పెట్టుకోవాల్సి వచ్చింది!

పనికి వంక పెట్టను. విడవలూరు, ఇందుకూరుపేట రొయ్యల గుంటల చుట్టూ తిరిగి శాంపిళ్లు తెచ్చి పీసీఆర్ చేశావు. ఆ కష్టం పోస్టర్‌లో కనపడటం లేదు, అదీ నా బాధ.

ముందు దారి సంగతి. మెథడ్స్ బాక్సు రెండో, మూడో కాలమ్స్‌కి అడ్డంగా పడింది. అది చదివాక చూపు నేరుగా కుడివైపు కన్‌క్లూజన్స్ మీదకు పోతోంది, రిజల్ట్స్ కిందే ఉండిపోయాయి. బాణాలు గీశావు చూడు, దారి తప్పుతున్నారని నీకూ తెలిసినట్టే కదా. మూడు కాలమ్స్ చెయ్యి, ప్రతిదీ పైనుంచి కిందికి. నడిమిది వెడల్పుగా ఉంచి రిజల్ట్స్ అంతా అందులో పెట్టు. బాణాల అవసరమే ఉండదు.

ఇక బొమ్మలు. ఈహెచ్‌పీ జబ్బు సోకిన గుంటలకీ సోకని వాటికీ ఎదుగుదల తేడా చూపే గ్రాఫే కదా నీ పోస్టర్‌కి ప్రాణం. దాన్ని 14 సెంటీమీటర్లకు కుదించి మూలన పెట్టి, లోగోలకు పైన అంత చోటిచ్చావు! గ్రాఫ్‌ని కనీసం 35 సెంటీమీటర్లు చెయ్యి. పక్కన లెజెండ్ తీసేసి గీత చివరే పేరు రాయి. ఎరుపు, ఆకుపచ్చ వద్దు, ఆ తేడా తెలియనివాళ్లు ఉంటారు. నీలం, నారింజ పెట్టు. ఎర్రర్ బార్లు ఎస్డీనా, ఎస్ఈనా? రాయకపోతే మొదటి ప్రశ్న అదే వస్తుంది. జెల్ ఫొటో వాట్సాప్‌లో వచ్చినదనుకుంటా, పెద్దది చేస్తే చుక్కలు చుక్కలుగా ఉంది. మెషీన్‌లో ఉన్న ఒరిజినల్ తెచ్చి లాడర్, కంట్రోల్స్, రెండు మూడు శాంపిళ్ల వరకే కత్తిరించు. మ్యాప్ స్క్రీన్‌షాట్ తీసెయ్, రెండు మండలాల గీత చాలు.

రాత సగానికి సగం పోవాలి. 2009లో వనామీ రొయ్య మన దేశానికి ఎలా వచ్చిందో ఆ సభలో ఎవరికి చెప్తావబ్బయా? అబ్‌స్ట్రాక్ట్ ఎటూ పుస్తకంలో ఉంటుంది, తీసెయ్. ప్రైమర్ల వరుసలు, పీసీఆర్ సైకిళ్ల పట్టిక ఫోన్లో పెట్టుకో, అడిగినవాళ్లకు చూపించొచ్చు. రెఫరెన్సులు నాలుగు చాలు.

కానీ ఇంట్రడక్షన్ మూడో పేరాలో ఒక వాక్యం దాచిపెట్టావు: తెల్లమచ్చ జబ్బులాగా ఈహెచ్‌పీ రొయ్యని ఒక్కసారిగా చంపదు, రొయ్య మేత తింటూనే ఉంటుంది, ఎదగక కౌంట్ మాత్రం రాదు. రైతు తలపట్టుకునేది దానికే. ఆ మాటనే టైటిల్‌గా తెచ్చుకో. ఇప్పుడున్న మూడు లైన్ల టైటిల్‌లో 'ఇన్వెస్టిగేషన్' తప్ప ఏమీ గుర్తుండటం లేదు.

మార్చాక మళ్లీ ఏ4 తీసి పంపు, గురువారం లోపు చూస్తాను. ప్రింటు షాపుకి పీపీటీ ఇవ్వకు, వాళ్ల సిస్టంలో ఫాంట్లు మారిపోతాయి. పీడీఎఫ్ ఇవ్వు. మెరిసే ఫ్లెక్స్ వేస్తానంటే వద్దను, హాల్లో లైట్లు దాని మీద పడితే గ్రాఫ్ కనపడదు.