మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ గురించి: ఈ సీజన్‌కైతే వద్దండీ

కార్తీక్ గారూ, నమస్తే.

మీరు పంపిన మెయిలు చదివాను, వీడియో కూడా చివరిదాకా చూశాను. ఊరికే నాన్చి మీతో పదిసార్లు ఫోన్ చేయించడం ఎందుకని సూటిగానే రాస్తున్నా. ఇప్పుడు మేం తీసుకోలేం. డెమోకని మనిషిని కూడా పంపకండి.

ధర గురించి కాదు. రోహిణి కార్తె నడుస్తోంది, మృగశిరలో నాలుగు చినుకులు పడ్డాయంటే మా షాపు ముందు పత్తి విత్తనాలకూ యూరియాకూ లైను కడతారు. సబ్సిడీ ఎరువు ఏదైనా ప్రభుత్వం ఇచ్చిన పాస్ మెషిన్‌లోనే ఆధార్ కొట్టి, వేలిముద్ర తీసుకుని అమ్మాలి. మీ సాఫ్ట్‌వేర్ దానికి కలవదని మీరే రాశారు, అంటే అదే బస్తాను మళ్లీ మీ దాంట్లో ఎక్కించాలన్నమాట. చేన్లో పనిచేసి గీతలు అరిగిపోయిన వేలిని ఆ మెషిన్ ఒక పట్టాన తీసుకోదు, రుమాలుతో తుడిచి మళ్లీ మళ్లీ పెట్టిస్తుంటే వెనకున్నవాళ్లు అరుస్తుంటారు, అప్పుడు ఇంకో ఎంట్రీ కూడా చెయ్యమంటే మా కౌంటర్ అబ్బాయి పని మానేసి పోతాడు.

ఇక ఉద్దెర. గడువు దాటగానే రైతుకు దానంతటదే మెసేజ్ పోతుందని వీడియోలో గొప్పగా చూపించారు. మా దగ్గర గడువంటే తారీఖు కాదండీ, "ఎనుమాముల మార్కెట్ల పత్తి అమ్మినంక ఇస్తా" అన్న మాట. వానాకాలం మొదట్లో తీసుకెళ్లిన సరుకుకు కొందరు సంక్రాంతికి ఇస్తారు. మధ్యలో మెసేజ్ పోయిందా, పైసలు రావు సరికదా, వచ్చేసారి ఆయన పక్క షాపులో ఉంటాడు.

ఒకటి మాత్రం నిజంగా నచ్చింది. పురుగుమందుల బ్యాచ్ నంబర్ ఎక్కిస్తే ఎక్స్‌పైరీకి ముందే గుర్తుచేయడం. ఇప్పుడు ఆ పని మేం నోటుబుక్కులో చేస్తున్నాం, అటకమీది డబ్బాలు ఎప్పుడూ లెక్కలోకి రావు.

అందుకని తలుపు వేసేయడం లేదు. మార్చి లెక్కలు ముగిశాక ఏప్రిల్‌లో మాకు కాస్త ఊపిరాడుతుంది. అప్పటికి పాస్ మెషిన్ అమ్మకాలు మీ దాంట్లోకి తెచ్చుకునే వీలుంటే, ఆ మెసేజ్‌లు ఆపుకునే బటన్ పెడితే, ఒక మెయిలు పెట్టండి, మధ్యాహ్నం 2 దాటాక షాపులోనే కూర్చుని చూద్దాం. కొంటానని ఇప్పుడే మాటివ్వను, చూస్తానని మాత్రం చెప్తున్నా. ఈ ఆఫర్ ధర నాకోసం ఆపి పెట్టాల్సిన పని లేదు.

నర్సంపేటలో మా దోస్తు ఒకాయన విత్తనాలు, మందులే అమ్ముతాడు, ఎరువులు లేవు కాబట్టి ఆయనకు మీది పనికిరావచ్చు. ఆయన్ని అడుగుతా, సరేనంటే నంబర్ పంపిస్తా.

ఇంకొక్క మాట, మీ ఆఫీసు నుంచి రోజుకో కొత్త నంబర్‌తో ఫోన్ వస్తోంది. నా పేరు ఆ లిస్టులోంచి తీయించండి, మీతో మాట్లాడడానికి ఈ మెయిల్ చాలు.

ఉంటాను,
రమేశ్
ఎరువులు, విత్తనాల షాపు, వరంగల్