అక్టోబర్ జీతం నుంచి మూడు కటింగులు ఆపాలని విన్నపం

పేరోల్ మేడమ్ గారికి నమస్కారం.

నేను ఆటోనగర్ యూనిట్ మెయింటెనెన్స్‌లో పని చేస్తున్నాను, టోకెన్ నంబర్ 4172. అక్టోబర్ జీతం నుంచి నా స్లిప్పులో రిక్రియేషన్ క్లబ్ చందా 150, యూనియన్ చందా 60, వీపీఎఫ్ 3,000 రూపాయలు ఆపండి. ఇవి నేను సంతకం పెట్టి ఒప్పుకున్నవే, ఆ సమ్మతిని ఈ మెయిల్‌తో వెనక్కి తీసుకుంటున్నాను.

వీపీఎఫ్ దగ్గర మాత్రం కాస్త జాగ్రత్తగా చూడండి మేడమ్. తప్పనిసరిగా పోయే 12 శాతం పీఎఫ్ కదలకూడదు, దానిపైన నేను అదనంగా కట్టేదే ఆగాలి, ఇప్పటిదాకా జమైన డబ్బు ఖాతాలోనే ఉండనివ్వండి, విత్‌డ్రా అడగడం లేదు. ఏడాది మధ్యలో మార్చడం మన రూల్స్‌లో కుదరదంటే ఏప్రిల్ నుంచి ఆపండి, కానీ ఆ మాట ఇప్పుడే రాసి చెప్పండి, మిగతా రెండూ ఈ నెలే ఆపేయండి. పాప కాలేజీ ఫీజు, గాజువాకలో పెరిగిన ఇంటి అద్దె, రెండూ ఒకేసారి మీదపడ్డాయి, చేతికొచ్చే జీతం సరిపోవడం లేదు.

యూనియన్ మీద కోపమేమీ లేదు. సెక్రటరీ గారికి విడిగా లెటర్ ఇచ్చాను, రిసీవ్డ్ సంతకం ఉన్న కాపీ జత చేశాను.

సొసైటీ లోన్ కిస్తీ 2,200 మాత్రం ఆపొద్దు, అది అప్పు, యథావిధిగా కట్ చేయండి.

అక్టోబర్ లెక్క ఇప్పటికే క్లోజ్ అయిపోయి ఉంటే, పట్టుకున్న చందాలు నవంబర్ జీతంలో తిరిగి వేయండి. ఏ నెల నుంచి ఏది ఆగుతుందో ఈ మెయిల్‌కే రిప్లై ఇవ్వండి, ఫోన్‌లో వద్దు, నాకు రాతలో కావాలి.

ఇట్లు,
మెయింటెనెన్స్ ఫిట్టర్, టోకెన్ 4172
విశాఖపట్నం