అప్పు రేపు

రాజమహేంద్రవరం కోటిపల్లి బస్టాండు దగ్గర వీర్రాజు టీ కొట్టు. పొయ్యి వెనక గోడకు ఒక నల్లబల్ల. దాని మీద ఎన్నాళ్ళుగానో రెండే మాటలు: ‘అప్పు రేపు’. తడి గుడ్డ తగిలి తగిలి ఒత్తు చెరిగిపోయి అది కాస్తా ‘అపు రేపు’ అయింది. ఎవరికీ పట్టలేదు, సూర్యనారాయణ గారికి తప్ప.

ఆయన తాసీల్దారు కార్యాలయంలో గుమాస్తాగా చేసి, 62 నిండి ఇంటికి వచ్చి నెలయింది. కొలువులో సగానికి పైగా టపా సీటులోనే గడిచింది. కాగితంలో మాటలు పై అధికారివి, కింద సంతకమూ అధికారిదే. మధ్యలో తేదీ, నంబరు మాత్రమే ఆయన చేతి రాత. అయినా ఆ అంకెలు ముత్యాల్లా ఉండేవని ఆఫీసులో అందరూ అనేవారు.

“వీర్రాజూ, సుద్దముక్క ఉందా?” అని అడిగి ఒత్తు దిద్దారు. వెనక్కి జరిగి చూసుకుంటే కింద బల్లంతా ఖాళీ. కాగితంలో ఖాళీ మిగిలితే అడ్డంగా గీత కొట్టేయడం గుమాస్తాకు అలవాటు. ఆ రోజు ఎందుకో గీత కొట్టబుద్ధి కాలేదు. ‘నోరు మంచిదైతే ఊరు మంచిది’ అని గుండ్రంగా రాశారు.

మర్నాడు జేబులో సుద్దముక్కల పెట్టెతో వచ్చారు. అప్పటి నుంచి తెల్లవారుజామున తొలి బస్సు కదిలేలోపు ఒక సామెత. నిన్నటిది తుడిచి, బల్ల ఆరేదాకా ఆగి రాసేవారు. తడి మీద రాస్తే ఆరాక అక్షరం ఉబ్బుతుందని ఆయనకు తెలిసింది. కాలేజీ పిల్లలు నోటు పుస్తకంలో ఎక్కించుకున్నారు. పూలబుట్టతో వచ్చే ముసలమ్మ చదవడం రాదని, పక్కవాళ్ళ చేత రెండుసార్లు చదివించుకుని నవ్వుకుంటూ వెళ్ళేది. ఆఫీసులో ఎప్పుడూ ‘గుమాస్తా గారూ’ అనిపించుకున్న మనిషిని ఇక్కడ అందరూ ‘మాస్టారూ’ అనసాగారు. ఆ పిలుపు విన్న రోజు ఆయన ఇంటికి చుట్టుదారిన, గోదావరి గట్టు మీదుగా నడిచి వెళ్ళారు.

ఒకనాడు పైన ‘అప్పు రేపు’ ఉంది కదా, దానికి జతగా బాగుంటుందని కింద ‘అప్పు చేసి పప్పు కూడు’ అని రాశారు. వీర్రాజు కూడా చూసి నవ్వాడు.

నాలుగు రోజుల తర్వాత ఆయనే అడిగారు. “సత్తిబాబు కనిపించడం లేదేమిటి?”

సత్తిబాబు కడియం నర్సరీల నుంచి మొక్కలు తెచ్చే ఆటో నడుపుతాడు. పొద్దున్నే మట్టి చేతులతో వచ్చి నిలబడే తాగుతాడు. వీర్రాజు గ్లాసులు కడుగుతూ తల ఎత్తకుండానే చెప్పాడు. “మీ రాత కూడబలుక్కుని చదివాడండి. సగం టీ వదిలేసి వెళ్ళిపోయాడు. పాప జ్వరం అప్పటి నుంచి 180 రూపాయలు బాకీ ఉన్నాడు. నేను అడగలేదు కూడా.”

సూర్యనారాయణ గారి చేతిలో టీ అలాగే చల్లారింది. టపా సీటులో మొదటి పని కవరు మీది పేరు, లోపలి కాగితం మీది పేరు సరిచూడటం. ఒకరి నోటీసు ఇంకొకరి గుమ్మంలో పడకూడదు. అన్నేళ్ళలో ఒక్కటీ పొరపాటున దారి తప్పలేదు.

బస్టాండుకు అవతలి వైపు కొట్టు దగ్గర సత్తిబాబు కనిపించాడు. ఆయన రోడ్డు దాటి వస్తుంటే చూసి, గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

“శనివారానికి ఇచ్చేస్తానండి. వీర్రాజుతో ఒక మాట చెప్పండి.”

తనను వసూలుకు వచ్చినవాడు అనుకున్నాడని అర్థం కావడానికి ఆయనకు కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక గొంతు పెగల్లేదు.

“దాని కోసం కాదు బాబూ. ఆ మాట నీ గురించి రాయలేదు. అసలు ఎవరు చదువుతారో తలచుకోకుండా రాశాను. తప్పు అక్కడే జరిగింది. పాపకు ఎలా ఉంది?”

“తగ్గిందండి. బడికి వెళ్తోంది.”

“రేపు పొద్దున నేను రాసేలోపు రా. నీతో పని ఉంది.”

సత్తిబాబు వచ్చాడు. బల్ల తుడిచి ఉంది, ఇంకా ఆరలేదు. సూర్యనారాయణ గారు సుద్దముక్క పట్టుకుని నిలబడ్డారు.

“మీ అమ్మ ఏదైనా సామెత అంటుండేదా?”

“అనేదండి, మబ్బు చూసినప్పుడల్లా. కానీ అది పుస్తకాల్లో ఉండదేమో.”

“అందుకే అడుగుతున్నాను. నిదానంగా చెప్పు.”

సత్తిబాబు మట్టి చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. మొదటి మాట చెప్పి ఆగాడు. ఆయన రాశారు. బల్ల ఇంకా పూర్తిగా ఆరలేదు, అక్షరం కాస్త ఉబ్బింది. తుడవలేదు.

“ఊఁ, తర్వాత?”