ఎనిమిది వారాల పీఎంపీ చదువు ప్రణాళిక: రాయగడ, 2025 అక్టోబర్ 6 నుంచి నవంబర్ 29 వరకు

చెల్లీ, ఫోన్లో అనుకున్నవన్నీ ఒకచోట రాసిస్తున్నాను. ప్రింటు తీసి వంటింట్లో క్యాలెండర్ పక్కన అంటించుకో. పీఎంపీ, అంటే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్ పరీక్షకి నీ అప్లికేషన్ ఆమోదమైంది, హైదరాబాద్ సెంటర్‌లో నవంబర్ 29 శనివారానికి సీటు దొరికింది. ఇక మిగిలింది చదువే.

పరీక్షలో 180 ప్రశ్నలు, 230 నిమిషాలు. అరవై ప్రశ్నల తర్వాత ఒకసారి, నూట ఇరవై తర్వాత ఇంకోసారి పది నిమిషాల విరామం ఇస్తారు. విరామానికి వెళ్ళాక వెనకటి భాగం మళ్ళీ తెరుచుకోదు. మార్కుల్లో పీపుల్ 42 శాతం, ప్రాసెస్ 50 శాతం, బిజినెస్ ఎన్విరాన్‌మెంట్ 8 శాతం. మొత్తం ప్రశ్నల్లో సుమారు సగం ఎజైల్, హైబ్రిడ్ పద్ధతులవే. ఎజైల్ అంటే పనిని చిన్న చిన్న విడతలుగా చేస్తూ సర్దుకుంటూ పోవడం, హైబ్రిడ్ అంటే దాన్నీ ముందే ప్లాను వేసే పాత పద్ధతినీ కలపడం. నువ్వు పదేళ్ళుగా రైల్వే లైన్లు, కల్వర్టులు చూస్తున్నదానివి కాబట్టి ఆ సగం నీకు కొత్త. ఎక్కువ రోజులు దానికే ఇచ్చాను.

రోజు లెక్క

సోమవారం నుంచి శుక్రవారం దాకా తెల్లవారుజామున 5:15 నుంచి 6:45 వరకు. సైట్ జీపు ఏడున్నరకి వస్తుంది కాబట్టి ఇంతకంటే సాగదీయకు. శనివారం బిల్లుల పని ఉంటుంది, ఆ రోజు పుస్తకం ముట్టొద్దు. ఆదివారం ఉదయం నాలుగు గంటలు. ఈ ఎనిమిది వారాలు పిల్లను బడికి సిద్ధం చేసే పని తను చూసుకుంటానని బావగారు నాకు మాటిచ్చారు. నువ్వు మొహమాటపడి ఆ పని మళ్ళీ నెత్తినేసుకోవద్దు.

రాత్రి చదవకు. నేను మొదటిసారి డ్యూటీ దిగాక పదకొండు దాకా చదివాను. పేజీలు తిరిగాయి గానీ ఏదీ నిలవలేదు. ఆ ప్రయత్నంలో తప్పాను.

మొదటి వారం, అక్టోబర్ 6–12

ఎగ్జామ్ కంటెంట్ అవుట్‌లైన్ మొత్తం చదువు. ప్రతి అంశం పక్కన "చేశాను", "విన్నాను", "తెలియదు" అని మూడింట్లో ఒకటి రాయి. గుర్తింపు కార్డు మీద నీ పేరు, బుకింగ్‌లో పేరు అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో ఈ వారమే చూసుకో. పెళ్ళికి ముందు ఇంటిపేరు, తర్వాతి ఇంటిపేరు మన వాళ్ళ కాగితాల్లో తరచూ కలిసిపోతుంటాయి. ఆదివారం యాభై ప్రశ్నలు చెయ్యి. ఎన్ని తప్పినా పట్టించుకోకు.

రెండో వారం, అక్టోబర్ 13–19

స్కోపు, షెడ్యూలు, ఖర్చు. క్రిటికల్ పాత్ నీకు చేతిలో పని, ఒక్క పూట చాలు. ఎర్న్‌డ్ వాల్యూ మాత్రం మీ కల్వర్టు మీదే వేసి చూడు. మొత్తం బడ్జెట్ 40 లక్షలు అనుకో, అది BAC. ఈ తేదీకి 20 లక్షల పని అయ్యుండాలి, అది PV. 18 లక్షల పనే అయింది, అది EV. ఖర్చు 22.5 లక్షలైంది, అది AC. CPI ఖర్చు తీరు చెబుతుంది, SPI షెడ్యూలు తీరు చెబుతుంది.

```
CPI = EV / AC   = 18 / 22.5 = 0.80
SPI = EV / PV   = 18 / 20   = 0.90
EAC = BAC / CPI = 40 / 0.80 = 50
```

ఖర్చు ఇదే తీరులో సాగితే 40 లక్షల పని 50 లక్షలకు తేలుతుంది, అదే EAC. సూత్రం బట్టీ కొడితే పరీక్ష గదిలో జారిపోతుంది. ఈ కల్వర్టు గుర్తుంటే జారదు.

మూడో వారం, అక్టోబర్ 20–26

సోమవారం దీపావళి, సెలవు. మిగతా రోజులు రిస్కు, క్వాలిటీ, ప్రొక్యూర్‌మెంట్. కాంట్రాక్టుల్లో ఫిక్స్‌డ్ ప్రైస్‌కీ కాస్ట్ రీయింబర్సబుల్‌కీ నష్టం ఎవరి మీద పడుతుందో అదొక్కటీ గట్టిగా పట్టుకో. ఆదివారం మార్పుల నియంత్రణ చదువు. సైటుకొచ్చిన క్లయింటు ఇంజినీరు "ఇక్కడో చిన్న గోడ కూడా కట్టెయ్యండి" అంటే మనం సరే అనేస్తాం. పరీక్షలో అలా అంటే తప్పు. ముందు ప్రభావం లెక్కకట్టాలి, తర్వాత మార్పు అభ్యర్థన పెట్టాలి, ఆమోదం వచ్చాకే పని మొదలు.

నాలుగు, ఐదు వారాలు, అక్టోబర్ 27 – నవంబర్ 9

రెండూ ఎజైల్‌కే. స్క్రమ్‌లో ఎవరి పని ఏది, స్ప్రింట్ ఎలా నడుస్తుంది, బ్యాక్‌లాగ్ వరసను ప్రోడక్ట్ ఓనరే ఎందుకు నిర్ణయిస్తాడు, కాన్బాన్‌లో ఒకేసారి చేపట్టే పనికి హద్దు ఎందుకు పెడతారు, ఇవి. చదివింది నీ పనికి తగిలించు. మీ గ్యాంగ్‌లతో ఉదయం మీరు పెట్టుకునే పది నిమిషాల మాటలు డైలీ స్టాండప్‌కి దగ్గరే. తేడా ఒక్కటే, అక్కడ మేనేజర్ పని పంచడు, టీమే తనలో తాను సర్దుకుంటుంది. ఐదో తేదీ కార్తీక పౌర్ణమి, ఆ తెల్లవారుజామున నాగావళికి దీపాలు వదలడానికి వెళ్తావని తెలుసు. వెళ్ళిరా, ఆ పూట చదువు లేదు.

నవంబర్ 2 ఆదివారం అరవై ప్రశ్నలు 76 నిమిషాల్లో. 9వ తేదీ మొదటి పూర్తి మాక్.

ఆరో వారం, నవంబర్ 10–16: తప్పుల పుస్తకం

నేను రెండోసారి గట్టెక్కింది దీనివల్లే. రెండొందల పేజీల నోటుబుక్ కొను. తప్పిన ప్రతి ప్రశ్నకూ మూడు వాక్యాలు రాయాలి: నేను ఏది పెట్టాను, అప్పుడు నా మనసులో ఏమనుకున్నాను, సరైన జవాబు ఎందుకు సరైనది. రెండో వాక్యం దాటెయ్యకు. ఒక మచ్చు చూడు.

ప్రశ్న: ఒడియా మాట్లాడే రాడ్ బెండింగ్ గ్యాంగ్, తెలుగు మాట్లాడే షట్టరింగ్ గ్యాంగ్ ఆలస్యానికి ఒకరినొకరు నిందించుకుంటున్నారు. మేనేజర్ ముందు ఏం చెయ్యాలి?
1. ప్రాజెక్టు డైరెక్టర్‌కి తెలపాలి.
2. ఒక గ్యాంగ్‌ని మార్చాలి.
3. ఇద్దరితో కూర్చుని కారణం తెలుసుకోవాలి.
4. వారపు రిపోర్టులో రాయాలి.

నువ్వు ఒకటి పెడతావు, ఎందుకంటే సైటులో మనకు అలవాటైంది అదే. జవాబు మూడు. నీ పుస్తకంలో ఇలా రాసుకో: "పై అధికారికి చెబితే నా మీద మాట రాదని అనుకున్నాను." ఆ వాక్యం నీ చేత్తో నాలుగుసార్లు రాశాక ఐదోసారి వేలు ఆ జవాబు వైపు పోదు. పీపుల్ భాగంలో నీకు పోయే మార్కుల్లో ఎక్కువ ఈ ఒక్క అలవాటువే.

వారమంతా కొత్త చదువు వద్దు. పాత తప్పులే. 16న రెండో పూర్తి మాక్.

ఏడో వారం, నవంబర్ 17–23

తెల్లవారుజామున రోజుకు ముప్పై ప్రశ్నలు, వెంటనే పుస్తకంలోకి ఎక్కించడం. బిజినెస్ ఎన్విరాన్‌మెంట్‌కి రెండు పూటలు చాలు. 23న మూడో పూర్తి మాక్ పరీక్ష వేళకే మొదలుపెట్టు, విరామాలు కూడా అక్కడిలాగే తీసుకో. బావగారిని ఫోన్ దాచిపెట్టమను.

ఎనిమిదో వారం, నవంబర్ 24–29

సోమ, మంగళ, బుధ: తప్పుల పుస్తకం మొదటి నుంచి చివరిదాకా ఒకసారి. మాక్‌లు వద్దు. గురువారం రాయగడ నుంచి విశాఖకి రా, మా ఇంట్లో భోంచేసి రాత్రి బండికి హైదరాబాద్ బయల్దేరుదువు. స్టేషన్‌కి నేనే దింపుతాను. శుక్రవారం సెంటర్ ఎక్కడుందో చూసిరా, తొమ్మిదింటికల్లా పడుకో. శనివారం అరగంట ముందే చేరు, గుర్తింపు కార్డు తప్ప ఇంకేదీ లోపలికి తీసుకెళ్ళే ఆలోచన పెట్టుకోకు.

ఏ వారమైనా సైటులో కాంక్రీటు పోత వచ్చి రెండు పూటలు పోతే, వాటిని శనివారానికి నెట్టకు. ఆదివారం ఒక గంట కలుపు. అంతకంటే ఎక్కువ పోతే నాకు ఫోన్ చెయ్యి, ఏది వదిలెయ్యాలో ఇద్దరం చూద్దాం.