విషయం: యాడ్-డ్రాప్ గడువు తర్వాత ఎలెక్టివ్ మార్పుకు అనుమతి కోసం

గౌరవనీయులైన కోర్సు కోఆర్డినేటర్ మేడమ్‌కు,

నమస్కారం. నేను మూడో సంవత్సరం కంప్యూటర్ సైన్స్, బి సెక్షన్ విద్యార్థినిని. ఈ సెమిస్టర్‌లో తీసుకున్న కంప్యూటర్ గ్రాఫిక్స్ ఎలెక్టివ్ బదులు ఆపరేషన్స్ రీసెర్చ్ చేరడానికి అనుమతి ఇవ్వాలని కోరుతున్నాను. యాడ్-డ్రాప్ గడువు గత శుక్రవారమే ముగిసిందని నాకు తెలుసు. అయితే ఈ మార్పు అవసరం గడువు ముగిశాకే వచ్చింది.

సోమవారం సవరించిన టైమ్‌టేబుల్ ఇచ్చారు. అందులో గ్రాఫిక్స్ ల్యాబ్‌ను బుధవారం నుంచి గురువారం మధ్యాహ్నానికి మార్చారు. సరిగ్గా అదే సమయంలో మా సెక్షన్‌కు నెట్‌వర్క్స్ ల్యాబ్ ఉంది. అది కోర్ సబ్జెక్టు కాబట్టి వదులుకోలేను. గ్రాఫిక్స్ ల్యాబ్‌కు ఒకటే బ్యాచ్. నెట్‌వర్క్స్ ల్యాబ్‌లో ఎ సెక్షన్ బ్యాచ్‌కు మారదామని చూశాను, కానీ ఆ సమయంలో మాకు ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసు ఉంది. ఇలాగే కొనసాగితే రెండు ల్యాబుల్లో ఒకదానికి 75 శాతం హాజరు రాదు, పరీక్ష రాయనివ్వరు. గ్రాఫిక్స్ నేను ఇష్టపడి ఎంచుకున్న సబ్జెక్టు. టైమ్‌టేబుల్ కుదిరి ఉంటే ఈ ఉత్తరం రాసేదాన్నే కాదు.

ఆపరేషన్స్ రీసెర్చ్‌కూ మూడు క్రెడిట్లే. ల్యాబ్ లేదు, క్లాసులన్నీ ఉదయం పూటే, నా మిగతా సబ్జెక్టులతో ఎక్కడా క్లాష్ లేదు. సీటు ఖాళీగా ఉందని, మీరు అనుమతిస్తే తనకు అభ్యంతరం లేదని ఆ సబ్జెక్టు సార్ చెప్పారు. ఆయన అనుమతితోనే ఈ వారం క్లాసులో కూర్చుంటున్నాను. లీనియర్ ప్రోగ్రామింగ్‌లో గ్రాఫికల్ పద్ధతి అయిపోయి, సింప్లెక్స్ మొదలైంది. లీనియర్ ఆల్జీబ్రా గత ఏడాదే పాసయ్యాను. సమీకరణాలను రో ఆపరేషన్లతో సాధించడం వచ్చు కాబట్టి సింప్లెక్స్ పట్టిక లెక్కలు అందుకోవడం కష్టం కాలేదు. అయిపోయిన పాఠాల నోట్సు తీసుకుని లెక్కలు చేస్తున్నాను. మొదటి క్విజ్ నేను రాయలేదు, దాని విషయంలో సార్ ఏం నిర్ణయించినా నాకు సమ్మతమే.

మేడమ్, ఇంకో రెండు విన్నపాలు. గ్రాఫిక్స్ తొలగించడం, కొత్త సబ్జెక్టు చేర్చడం ఒకేసారి జరిగేలా చూడండి. మధ్యలో ఒక్క రోజు ఖాళీ వచ్చినా నా క్రెడిట్లు 20 నుంచి 17కు పడిపోతాయి. కనీసం 18 లేకపోతే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది, నాకున్న పెద్ద టెన్షన్ అదే. అలాగే, మార్పుకు కారణం టైమ్‌టేబుల్ సవరణ కనుక, ట్రాన్‌స్క్రిప్ట్‌లో గ్రాఫిక్స్ ఎదురుగా విత్‌డ్రా అని పడకుండా చూడమని వేడుకుంటున్నాను.

పాత, కొత్త టైమ్‌టేబుళ్లు, సబ్జెక్టు సార్ సంతకం చేసిన సమ్మతి పత్రం, గత సెమిస్టర్ల మార్కుల జాబితా జతచేశాను. మొదటి ఇంటర్నల్ పరీక్ష వచ్చే నెల మొదటి వారంలో ఉంది. ఈ గురువారంలోపు మీ నిర్ణయం తెలిస్తే ఏ ల్యాబ్‌కు వెళ్లాలో నాకు స్పష్టత వస్తుంది. మీరు ఎప్పుడు రమ్మంటే అప్పుడు వచ్చి కలుస్తాను.

కృతజ్ఞతలతో,
మీ విద్యార్థిని
సాహితి