వారంటీ క్లెయిమ్: చిల్లర్ సర్క్యూట్-2 కంప్రెసర్ మూడోసారి పాడవడం గురించి

రాయగడ, ఒడిశా
2 జూన్ 2025

సర్వీస్ మేనేజర్ గారికి,
విశాఖపట్నం బ్రాంచి

అయ్యా,

మా షాపింగ్ కాంప్లెక్స్ మేడ మీద మీరు బిగించిన 120 టన్నుల ఎయిర్ కూల్డ్ స్క్రూ చిల్లర్‌లో సర్క్యూట్-2 కంప్రెసర్ మే 21న మళ్లీ పోయింది. పై అంతస్తు హాల్లో రిసెప్షన్ జరుగుతుండగా ఆగింది. పెళ్లివారితో నేను పడ్డ మాటలు ఇక్కడ రాయను.

చిల్లర్‌ను 12 మార్చి 2024న స్టార్ట్ చేసి అప్పగించారు. కంప్రెసర్లకు 36 నెలల వారంటీ అని మీ ఆర్డర్ కాపీలోనే ఉంది. మొదటిసారి 2024 ఆగస్టు 9న, రెండోసారి 2025 జనవరి 17న పోతే రెండుసార్లూ కొత్తది వేసి వెళ్లారు. ఎందుకు పోయిందో మాత్రం రాసివ్వలేదు.

ఈసారి వచ్చిన మీ ఇంజనీరు గారు మెగ్గర్ పెట్టి వైండింగ్ కాలిందని తేల్చి, "మీ ఊళ్లో వోల్టేజీ బాగోదండీ, వారంటీ రాదు" అన్నారు. మా ఊరి కరెంటు సంగతి నాకు తెలుసు కాబట్టే మీరు చెప్పిన సర్వో స్టెబిలైజర్ పెట్టించాను. మే నెలంతా గంటగంటకూ రాసిన రీడింగులు 404, 421 వోల్టుల మధ్యే ఉన్నాయి. పైగా సర్క్యూట్-1 కంప్రెసర్ కూడా అదే ప్యానెల్ మీద, అదే నీటితో నడుస్తోంది. అది మొదటి రోజు వేసిందే, 5,400 గంటలు దాటింది. దోషం కరెంటుదైతే ప్రతిసారీ పక్కదాన్నే వెతుక్కుని కాలుస్తుందా?

అసలు సంగతి లాగ్‌లో ఉంది. లోడు తక్కువగా ఉండే ఉదయం పూట సర్క్యూట్-1 సూపర్‌హీట్ 5, 6 డిగ్రీలుంటే, సర్క్యూట్-2ది 2 డిగ్రీల లోపే. మే 19 ఉదయం 7 గంటలకు ఎక్స్‌పాన్షన్ వాల్వు 12 శాతమే తెరిచినట్టు తెర మీద కనిపిస్తున్నా సూపర్‌హీట్ 1.2కి పడింది. "కంప్రెసర్ ఒళ్లంతా చెమట, కింద నీళ్లు" అని ఆపరేటర్ ఆ పూట ఒడియాలో రాశాడు, పక్కన తెలుగు రాయించాను. వాల్వు సరిగా మూసుకోక ద్రవ గ్యాసు కంప్రెసర్‌లోకి వెళ్లి నూనెను పలచన చేస్తోందని మా అనుమానం. మీ మనుషులే తీసిన నూనె సీసాలో నల్లటి నూనె, అడుగున మెరిసే లోహపు రజను. ఆ సీసా సీలు వేసి దాచాను.

కాబట్టి కంప్రెసర్‌ను ఉచితంగా మార్చి, ఈసారి దానితోపాటు వాల్వు, దాని సెన్సర్లు మార్చి, పైపులు పూర్తిగా శుభ్రం చేయించండి. కారణం రాతపూర్వకంగా కావాలి. కొత్త కంప్రెసర్‌కు వారంటీ వేసిన రోజు నుంచి లెక్కించాలి. గత రెండుసార్లు నేను కట్టిన క్రేన్, లారీ ఖర్చు రూ.64,500 తిరిగి ఇప్పించండి. జూన్ 12 లోగా జవాబు రాకపోతే వేరే ఇంజనీరుతో విప్పించి, ఆ రిపోర్టుతో లాయర్ నోటీసు పంపిస్తాను.

లాగ్‌బుక్ నకళ్లు, రెండు సర్వీస్ రిపోర్టులు, ఫొటోలు జతచేశాను. విప్పేటప్పుడు నేను దగ్గరుంటాను, ఒకరోజు ముందు ఫోన్ చేయండి.

ఇట్లు,
భవన యజమాని