రాత్రి గ్రూపులో జరిగిన గొడవ గురించి

అందరూ ఒక్కసారి పూర్తిగా చదవండి, మధ్యలో రిప్లై ఇవ్వొద్దు.

చిన్నాయన రాత్రి పదకొండున్నరకు గ్రూపు నుంచి వెళ్ళిపోయినాడు. అట్లా వెళ్తే అడ్మిన్లకే తెలుస్తుంది కాబట్టి మీలో చాలామంది గమనించి ఉండరు. ఇదే మెసేజ్ ఆయనకు విడిగా కూడా పంపుతున్నాను, తన వెనకాల ఏదో మాట్లాడుకున్నామని అనిపించకూడదు.

ముందు నా తప్పు చెప్తాను. తొమ్మిదింటికి ఆ వీడియో వచ్చింది, హరి దానికి గట్టిగా రాసినాడు, నేను చూసినాను. పిల్లోనికి అన్నం పెడుతున్నాను కదా, వాళ్ళే సర్దుకుంటారులే అనుకున్నాను. అప్పుడే ఇద్దరికీ ఫోన్ చేసి ఉంటే అది దేవుళ్ళ దగ్గర మొదలై పార్టీల మీదికి, పార్టీల నుంచి ఒకరి బతుకుల మీదికి వచ్చేది కాదు. క్షమించండి.

ఎవరిది రైటు అనేది నేను ఇక్కడ తేల్చను. ఆ వీడియో నిజమా కాదా అనేది కూడా ఇప్పుడు వద్దు. నాకు రాత్రి నిద్ర పట్టనిది రెండు మాటల వల్ల. ఒకటి ఇంజనీరింగ్ ఫీజు, రెండోది బెంగళూరు ఆస్పత్రి. చిన్నాయనా, ఆ ఏడాది చెనిక్కాయలు అమ్మిన డబ్బు ఇంటికి కూడా తేకుండా నేరుగా హరి కాలేజీలో కట్టి వచ్చినావు, అప్పుడు ఎవరికీ చెప్పను కూడా లేదు. హరీ, చిన్నాయనకు స్టెంట్ వేసినప్పుడు ఆరు రాత్రులు ఆస్పత్రి వరండాలో పడుకున్నావు, నువ్వూ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఇన్నేళ్ళు నోరు మెదపని ఇద్దరూ ఒక్క రాత్రిలో వాటిని బాకీ లెక్కల్లాగా బయటపెట్టుకున్నారు. మీరు ఇద్దరూ కోపంలో అన్నారే కానీ మనసులో అట్లా లేదని నాకు తెలుసు.

మన ఇంట్లో ఒకే అభిప్రాయం ఎప్పుడుండింది చెప్పండి? 1983 ఎలక్షన్లలో జేజినాయన కాంగ్రెస్, ఆయన తమ్ముడు తెలుగుదేశం. ఇంటి ముందర అరుగు మీద కూర్చుని పెద్దగా వాదించుకునేవాళ్ళంట. కానీ బావి ఒకటే కదా, నీళ్ళ వంతు ఒక్క పూట కూడా తప్పలేదని జేజి ఇప్పటికీ చెప్తుంది. అదే జేజినాయన కదిరి తేరుకు పోయేవాడు, పీర్ల పండక్కి గూగూడు పోయి కుళ్ళాయిస్వామికి చక్కెర చదివించుకుని వచ్చేవాడు. ఆ చక్కెర పొట్లం కోసం మేమంతా వాకిట్లో కాచుకుని ఉండేవాళ్ళం, చిన్నాయన కూడా మాతో పాటే కొట్లాడి తీసుకునేవాడు. ఇది ఎవరినీ దెప్పడానికి చెప్పడం లేదు, రాత్రి నుంచి అదే గుర్తొస్తోంది.

ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. పేర్లు పెట్టి తిట్టిన మెసేజులు ఎవరివి వాళ్ళు తీసేయండి. రెండు రోజులు దాటితే అందరికీ పోయేట్టు తీయడం కుదరదు కాబట్టి ఈ రోజే. తీయకపోతే అడ్మిన్‌గా నేను తీస్తాను, నా మీద కోపం పెట్టుకోవద్దు. బావా, మధ్యలో నువ్వు పెట్టిన నవ్వు బొమ్మలు కూడా తీసెయ్, చిన్నాయనకు ఎక్కువ బాధ కలిగింది వాటితోనే అని పిన్నమ్మ చెప్పింది. స్క్రీన్‌షాట్లు ఎవరైనా బయటికి పంపి ఉంటే అక్కడితో ఆపండి, ఇది మన ఇంటి సంగతి.

ఇక మీదట ఈ గ్రూపులో పార్టీల వీడియోలు, మతాల వీడియోలు వద్దు, ఏ పక్షానివైనా సరే. వాదించుకోవాలనుకునేవాళ్ళు వేరే గ్రూపు పెట్టుకోండి, నేనేమీ అనను, రాజకీయం మాట్లాడకుండా మనం బతకలేమని నాకూ తెలుసు. ఇందులో మాత్రం జేజి బీపీ రీడింగులు, పిల్లల ఫొటోలు, ఎవరు ఎప్పుడు ఊరికొస్తున్నారు, ఇవి ఉండనీ.

హరీ, సారీ అని మెసేజ్ పెట్టొద్దు. చిన్నాయనకు ఫోన్ చెయ్. ఎత్తకపోతే సాయంత్రం ఇంటికి పో. చిన్నాయనా, వాడు వస్తే తలుపు తియ్, వాడు కూడా రాత్రంతా ఏడ్చినాడని వాళ్ళమ్మ చెప్పింది.

పొద్దున్నే జేజి అడిగింది, "మీ చిన్నాయన ఈరోజు ఫోన్ చేయలేదేమే?" అని. సిగ్నల్ లేదేమో అన్నాను. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పొద్దు.

ఆదివారం అందరం ఊర్లో కలుద్దాం. సంగటి, నాటుకోడి పులుసు నేను చేస్తాను. హరి బండి మీద చిన్నాయనను ఎక్కించుకుని వస్తాడు, ఇద్దరూ పన్నెండు లోపల రండి, సంగటి చల్లారితే బాగుండదు.